ఈక్యూ స్కోరు తక్కువ వచ్చిందని ప్రమోషన్ లిస్టులో కిందకి వేశారు, దీన్ని ఎంతవరకు నమ్మాలి?

రవి_బెంజ్‌సర్కిల్

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలో పని చేస్తున్నాను, వాయిదాలు కట్టని వాళ్లతో ఫోన్లో మాట్లాడే టీమ్ నాది, 12 మంది ఉంటారు. పోయిన నెల బయట నుంచి ట్రైనర్ ఒకాయన్ని పిలిపించి ఒక రోజు క్లాసు పెట్టారు, చివర్లో ఈక్యూ, అంటే భావోద్వేగ ప్రజ్ఞ, కొలుస్తామని 60 ప్రశ్నల కాగితం ఇచ్చారు. "ఎదుటివాళ్ల భావాలు నాకు వెంటనే అర్థమవుతాయి", "కోపాన్ని నేను అదుపులో పెట్టుకోగలను" లాంటి వాక్యాలకి 1 నుంచి 5 దాకా మార్కు మనమే వేసుకోవాలి. నేను చాలావాటికి 3 వేశాను, ఎందుకంటే ఫోన్లో అవతలి మనిషి నిజంగా కష్టంలో ఉన్నాడా, తప్పించుకుంటున్నాడా అనేది ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు చాలాసార్లు తేలదు. నాకు 100కి 58 వచ్చింది. నా పక్క టీమ్ అతనికి 91. అదే మనిషి రెండు నెలల క్రితం తండ్రి చనిపోయి పదో రోజు కూడా కాని కస్టమర్ మీద కేకలు వేస్తే ఆ ఫోన్ నేనే తీసుకుని సర్దాను.

ఇప్పుడు ప్రమోషన్ లిస్టులో ఈ స్కోరు కలిపారు. "జీవితంలో విజయానికి 80 శాతం ఈక్యూ, 20 శాతం ఐక్యూ, ఇది పరిశోధనలో తేలింది" అని ట్రైనర్ బోర్డు మీద రాశారు. నాకు తెలుసుకోవాలని ఉంది: ఇది నిజంగా తేలిన విషయమేనా? ఆ 58 నా గురించి ఏం చెబుతోంది?

కిరణ్_హెచ్‌ఆర్

రవి గారూ, మీ బాధ అర్థమైంది గానీ స్కోరు తక్కువ వచ్చినవాళ్లకి టెస్టు మీదే అనుమానం రావడం మామూలే, దాని మీద కూడా స్టడీ ఉంది. నేను ఎనిమిదేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను. 80 శాతం అనేది డేనియల్ గోల్మన్ ఈక్యూ మీద 1995లో రాసిన పుస్తకంలో ఉన్నదే. పైగా ఈక్యూ ఉద్యోగంలో పనితీరుతో కలుస్తుందని వందల స్టడీలు కలిపి చూసినప్పుడు కూడా తేలింది. ఈక్యూ శిక్షణతో పెరుగుతుంది, కాబట్టి దీన్ని అవకాశంగా తీసుకోండి.

లక్ష్మి_అరండల్‌పేట

మా అబ్బాయి గుంటూరులో ఇంటర్ సెకండియర్, హాస్టల్. వీక్లీ టెస్టులో ర్యాంకు తగ్గితే రెండు రోజులు అన్నం సరిగా తినడు. ఈక్యూ పెంచే కోచింగ్ ఎక్కడన్నా ఉందా? ఈ 60 ప్రశ్నల పేపర్ దొరికితే వాడి చేత కూడా రాయిస్తాను.

శారద_కొలతలు

నేను సైకాలజీలో పీజీ చేసి, ఆ తర్వాత చాలాకాలం పరీక్షలు, ప్రశ్నావళులు తయారుచేసే పనిలోనే ఉన్నాను. ముందు ఆ 80 సంగతి తేల్చేద్దాం. గోల్మన్ ఆ పుస్తకంలో రాసింది ఇది: జీవితంలో పైకి రావడానికి కారణమయ్యే వాటిలో ఐక్యూ వాటా మహా అయితే 20 శాతం, మిగతా 80 ఇతర కారణాలది. ఆ ఇతర కారణాల్లో పుట్టిన కుటుంబం స్థాయి ఉంది, అదృష్టం ఉంది, ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆ 80 మొత్తం భావోద్వేగ ప్రజ్ఞదే అని ఆయన అక్కడ కొలిచి చెప్పలేదు. పుస్తకం పదేళ్ల ఎడిషన్‌కి 2005లో రాసిన ముందుమాటలో, జనం దీన్ని తప్పుగా చదివారని ఆయనే అన్నారు. కాబట్టి బోర్డు మీద రాసిన ఆ వాక్యాన్ని పుస్తకం రాసినాయనే ఒప్పుకోరు.

అయితే ఒక మాట, ఆ పుస్తకం అట్ట మీదే పెద్ద మాట చెప్పుకోలేదని నేను అనను. ఐక్యూ కన్నా ఇది ఎందుకు ముఖ్యం కావచ్చు అన్నట్టుగానే దాని ఉపశీర్షిక ఉంది. జనం అలా చదివారంటే తప్పంతా జనానిదే కాదు.

రవి గారి రెండో ప్రశ్న ఇంతకన్నా ముఖ్యం. దానికి కాస్త టైం కావాలి, రాత్రికి రాస్తాను.

వస్త్రలత_సుబ్బారావు

నాకు ఈ స్కోర్లు తెలియవు. వన్‌టౌన్‌లో బట్టల కొట్టు, 26 ఏళ్లు అయింది. పోయిన మాఘంలో జరిగింది చెబుతా. పెళ్లి చీరలకని ఆరుగురు వచ్చారు, అందులో ఇద్దరు వియ్యాలవారి తరఫు. పెళ్లికూతురి తండ్రి కూర్చోగానే "రేటు చూడొద్దు, మంచివి తియ్యండి" అని గట్టిగా అన్నాడు. మా కొత్త కుర్రాడు మాట విని 30 వేల పట్టుచీరలు పరిచేశాడు. పిల్ల తల్లి చెయ్యి మాత్రం పక్కన 9 వేల చీర మీదకి పోతోంది, పట్టుకుని మళ్లీ వదిలేస్తోంది, ఆయన వైపు చూస్తోంది.

మా దగ్గర పాత మనిషి ఉన్నాడు, చదువు ఏడో తరగతి. అతను కుర్రాణ్ని టీకి పంపించి తను కూర్చున్నాడు. "అమ్మా, ముహూర్తానికి ఐదారు గంటలు పీటల మీద ఉండాలి, ఇంత బరువు చీర అమ్మాయి మోయలేదు, తేలికపాటివి చూపిస్తా" అని 8 నుంచి 12 వేల మధ్యవి తీశాడు. రేటు మాట ఎత్తలేదు. గంటలో నాలుగు చీరలు కట్టించుకుని వెళ్లారు. వెళ్లేటప్పుడు ఆ తండ్రి మా వాడి భుజం మీద చెయ్యి వేసి వెళ్లాడు.

ఈ మనిషికి మీ కాగితం ఇస్తే ఎంత వేసుకుంటాడో నాకు తెలుసు. "ఏముంది బాబూ, అమ్మడమే కదా" అంటాడు.

శారద_కొలతలు

సుబ్బారావు గారూ, నేను రాత్రి కూర్చుని ఒక ఉదాహరణ కల్పించి రాద్దామనుకున్నాను, మీరు అంతకన్నా మంచిది ఇచ్చారు. దాని మీదే చెబుతాను.

భావోద్వేగ ప్రజ్ఞ అన్న ఆలోచనకి ఇప్పటి రూపం ఇచ్చినవాళ్లు పీటర్ సాలొవే, జాన్ మేయర్. 1990లో మొదటి వ్యాసం రాశారు, 1997లో దాన్ని నాలుగు నైపుణ్యాలుగా సర్దారు. మీ కొట్లో ఆ నాలుగూ ఉన్నాయి చూడండి. మొదటిది గుర్తించడం: తల్లి చెయ్యి ఎటు పోతోంది, కళ్లు ఎవరి వైపు పోతున్నాయి అనేది ఆ పెద్దాయన చూశాడు, కుర్రాడు మాట మాత్రమే విన్నాడు. ఇంకొకటి అర్థం చేసుకోవడం: తండ్రి గొంతు పెద్దది కావడం గొప్పకి కాదు, వియ్యాలవారి ముందు తక్కువ కాకూడదన్న బెంగకి. ఇప్పుడు "మీ బడ్జెట్ ఎంతండీ" అని అడిగితే ఆ బెంగ కోపంగా మారుతుందని కూడా అతనికి తెలుసు. ఏ భావం ఎక్కడి నుంచి వస్తుంది, తర్వాత ఏమవుతుంది అన్న ఈ లెక్క ఆ నాలుగింట్లో తెలివితేటలకి బాగా దగ్గరగా ఉండేది. ఇక సర్దుబాటు చేయడం: చీర బరువు అన్న వంక దొరకగానే ఎవరి పరువూ పోకుండా అందరూ కిందకి దిగారు.

నాలుగోది, భావాన్ని ఆలోచనకి వాడుకోవడం. హడావుడి తగ్గించి, కుర్రాణ్ని పంపేసి, నిదానంగా చూసే వాతావరణం తెచ్చాడు కాబట్టి వాళ్లు నాణ్యత చూడగలిగారు. ఈ నాలుగోదాన్ని విడిగా కొలవబోతే నిలబడట్లేదని, మిగతావాటిలో కలిసిపోతోందని తర్వాతి విశ్లేషణల్లో చాలామంది చూపించారు, దాన్ని ఇక్కడ వదిలేద్దాం.

ఇప్పుడు రవి గారి 58. ఈ నైపుణ్యాలని కొలవడానికి మేయర్, సాలొవే, డేవిడ్ కరూసో 2002లో ఒక పరీక్ష తెచ్చారు, మెస్కీట్ అంటారు, 141 ప్రశ్నలు. అందులో "నీకు బాగా వచ్చా" అని అడగరు. ముఖం ఫోటో చూపించి ఇందులో ఏ భావం ఎంత ఉంది అంటారు. ఒక సందర్భం ఇచ్చి, ఈ నాలుగు పనుల్లో ఒక్కొక్కటి ఎంత ఉపయోగపడుతుంది అంటారు. అంటే జవాబుకి మార్కు పడుతుంది. మీకిచ్చిన కాగితం అలాంటిది కాదు. మీ గురించి మీకున్న అభిప్రాయాన్ని అడిగి, దాన్నే కూడి 58 అన్నారు. లెక్కలు వచ్చా అని అడిగితే "బాగా వచ్చు" అన్నవాడికి లెక్కల్లో 91 వేసినట్టు.

రెండూ ఒకటే చెబుతాయేమో అనుకోవచ్చు. మార్క్ బ్రాకెట్ బృందం 2006లో పోల్చి చూసింది, సంబంధం సుమారు 0.2 మాత్రమే వచ్చింది. ఆ అంకెని మామూలు మాటల్లోకి మారిస్తే: ఏ ఇద్దరినైనా తీసుకోండి, తనకి తాను ఎక్కువ మార్కు వేసుకున్నవాడే అసలు పరీక్షలోనూ పైన ఉండే అవకాశం 100లో దాదాపు 56. బొమ్మా బొరుసా వేస్తే 50. మీ 58కీ పక్కాయన 91కీ ఉన్న తేడా నుంచి ఎవరు ఎదుటివాళ్లని బాగా చదవగలరో చెప్పడానికి మిగిలింది ఆ 6 మాత్రమే.

కిరణ్ గారు చెప్పిన స్టడీ ఉంది, నిజమే. షెల్డన్, డన్నింగ్, ఏమ్స్ 2014లో వేసింది. అందులో అందరికన్నా తక్కువ వచ్చినవాళ్లే తమని తాము అందరికన్నా ఎక్కువగా అంచనా వేసుకున్నారు, స్కోరు చూపిస్తే పరీక్షనే తప్పుపట్టారు, నేర్చుకోవడానికీ అంతగా ఇష్టపడలేదు. కానీ అది జవాబులకి మార్కులు వేసే పరీక్ష. ఆ ఫలితం ఇక్కడికి తెస్తే రవి గారికి వ్యతిరేకంగా పనిచేయదు. సామర్థ్యం తక్కువ ఉన్నవాళ్లు తమకి తాము 5లు వేసుకుంటారనే కదా అది చెప్పేది.

కిరణ్_హెచ్‌ఆర్

మేడమ్, ఆ స్టడీని నేను సగమే గుర్తుపెట్టుకున్నాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి చెప్పండి. మనమే మార్కులు వేసుకునే ఈ ప్రశ్నావళులే పనితీరుని బాగా అంచనా వేస్తాయని, సామర్థ్య పరీక్షలకన్నా మెరుగ్గా వేస్తాయని నేను చదివాను. 0.29 దాకా ఉంది. మాకు కావలసింది సిద్ధాంతం కాదు, ఎవరు బాగా పని చేస్తారు అనేది. పనికొచ్చేదాన్ని వాడితే తప్పేంటి?

శారద_కొలతలు

మంచి ప్రశ్న, ఈ రంగంలో అసలు గొడవ దీని మీదే జరిగింది. 0.29 సరైన అంకే. ఇందాకటి లెక్కలో చెబితే 100లో 59.

ఎందుకు అంచనా వేస్తోందన్నది తేల్చడానికి డానా జోసెఫ్, డేనియల్ న్యూమన్, ఇంకో ఇద్దరు కలిసి 2015లో పాత స్టడీలన్నీ కలిపి చూశారు. ఈ రకం ప్రశ్నావళుల్లో ఏముందో ముందు గమనించండి. రూవెన్ బార్-ఆన్ 1997లో తెచ్చిన 133 ప్రశ్నల దాన్నే తీసుకుంటే, ఎదుటివాళ్లని అర్థం చేసుకోవడంతో పాటు ఆత్మగౌరవం, స్వతంత్రంగా ఉండటం, ఒత్తిడికి తట్టుకోవడం, ఆశావాదం, అన్నీ ఉంటాయి. కాబట్టి వాళ్లు అడిగిన ప్రశ్న ఇది: శ్రద్ధగా పని చేసే స్వభావం, కలుపుగోలుతనం, తొణకని గుణం, తెలివితేటలు, నేను చేయగలనన్న నమ్మకం, అసలైన భావోద్వేగ సామర్థ్యం, తన పనికి తానే వేసుకునే మార్కు, వీటన్నిటినీ ముందే లెక్కలోకి తీసుకుంటే ఈక్యూ స్కోరు కొత్తగా చెప్పేది ఎంత? దాదాపు సున్నా.

అంటే ప్రశ్నావళి అబద్ధం కాదు. శ్రద్ధ, ధైర్యం లాంటి పాత సరుకుని కొత్త సంచిలో తెస్తోంది, సంచి మీద వేరే పేరు ఉంది. మీకు శ్రద్ధ కావాలంటే శ్రద్ధనే కొలవండి. "ఇతని ఈక్యూ తక్కువ" అని రాసినప్పుడు మీరు కొలవని విషయం గురించి ఆ మనిషి మీద ముద్ర వేస్తున్నారు.

ఇంకో లోపం, ప్రమోషన్‌కి ముడిపెట్టగానే అందరూ 5లు వేస్తారు. ఉద్యోగానికి వచ్చినవాళ్లలా ఊహించుకుని రాయమంటే ఇలాంటి ప్రశ్నావళిలో స్కోర్లు పెరిగిపోయాయని, మెస్కీట్‌లో మాత్రం అలా పెంచుకోలేకపోయారని డే, క్యారల్ 2008లో చూపించారు. మీ ఆఫీసులో వచ్చే ఏడు ఇదే కాగితం పెడితే రవి గారు కూడా 3లు వేయరు.

నాజర్_తెనాలి

నేను గుంటూరులో ఒక ఆసుపత్రిలో నర్సుని. శారద మేడమ్ సామర్థ్య పరీక్షని చాలా నమ్ముతున్నట్టున్నారు. నాకు రెండు అనుమానాలు. ఒకటి, భావాల్లో కరెక్ట్ జవాబు ఎవరు నిర్ణయిస్తారు? లెక్కలకి ఉంటుంది, దీనికెలా? రెండోది, నాకు జవాబు తెలుసు కానీ చేయలేను. ఐసీయూ బయట ఉన్న పేషెంటు వాళ్లతో మొదట కూర్చుని మాట్లాడాలి, నిలబడి చెప్పకూడదు, ఇది నాకు పరీక్ష పెడితే ఫుల్ మార్కులు. నైట్ డ్యూటీలో నాలుగింటికి, పదో మనిషి అదే ప్రశ్న అడిగినప్పుడు నేను నిలబడే చెబుతాను, గొంతు కూడా మారుతుంది. మరి ఆ మార్కులు ఏం కొలిచినట్టు?

శారద_కొలతలు

నాజర్ గారూ, రెండూ గట్టి అభ్యంతరాలే. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు, మీరన్నదే నిజం. ఆ పరీక్ష ఏం చేస్తే మంచిదో తెలుసా అని చూస్తుంది, అలసిపోయి ఉన్నప్పుడు చేస్తారా అని చూడదు.

మొదటిదానికి వాళ్లు రెండు పద్ధతులు వాడారు. ఒకటి, వేలమంది ఏ జవాబు ఇచ్చారో చూసి, ఎక్కువమంది ఇచ్చినదానికి ఎక్కువ మార్కు. రెండోది, భావోద్వేగాల మీద పరిశోధన చేసే 21 మంది నిపుణుల జవాబులతో పోల్చడం. ఇందులో చిక్కు మీకు వెంటనే తడుతుంది. ఎక్కువమందికి కనిపించనిది పట్టుకోగల మనిషికి ఈ పద్ధతిలో మార్కు పోతుంది. సుబ్బారావు గారి కొట్లో ఉన్న పదిమందిని అడిగితే "రేటు చూడొద్దన్నాడు కదా, ఖరీదైనవే చూపించాలి" అని ఎనిమిది మంది అనొచ్చు.

వస్త్రలత_సుబ్బారావు

ఎనిమిది కాదమ్మా, తొమ్మిది.

పరిమళ_పటమట

ఇంకో విషయం ఎవరూ అనలేదు. ఆ జవాబులు ఎవరివి? ఎక్కువగా అమెరికా వైపు వాళ్లవి అయితే మనకెలా సరిపోతాయి? మామగారు తిడుతుంటే కోడలు తల వంచుకుని నవ్వు మొహం పెడుతుంది, అది సంతోషం కాదని మన ఇంట్లో ఎవరికైనా తెలుసు. స్నేహితుడితో గొడవ వస్తే నేరుగా కూర్చుని మాట్లాడటమే బెస్ట్ ఆన్సర్ అని అక్కడ అనొచ్చు. మా ఇంట్లో అయితే ముందు మా పెద్దమ్మ ద్వారా కబురు పంపాలి, నేరుగా వెళితే గొడవ ముదురుతుంది.

శారద_కొలతలు

పరిమళ గారూ, మెస్కీట్ నమూనాలో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా వాళ్లే, మీ అనుమానం సరైనదే. ముఖాల విషయంలో తేడా కొంత తక్కువ ఉండొచ్చు, కానీ సర్దుబాటు ప్రశ్నల్లో మీరన్న పెద్దమ్మ కబురు లాంటివి చాలా ఉంటాయి. తెలుగువాళ్ల జవాబులతో మార్కులు కట్టి ఉంటే తప్ప మన మనిషి మీద ఆ స్కోరుతో నిర్ణయం తీసుకోవడానికి నేను ఒప్పుకోను. అయినా సరే, జవాబుకి మార్కు పడే పద్ధతే సరైన దారి, దాన్ని బాగుచేసుకోవాలి అన్నది నా అభిప్రాయం. ఇక్కడ నాతో విభేదించేవాళ్లు ఈ రంగంలోనే చాలామంది ఉన్నారు. కె.వి. పెట్రైడ్స్, ఏడ్రియన్ ఫర్న్‌హమ్ 2001 నుంచీ ఇది సామర్థ్యమే కాదు, స్వభావం, కాబట్టి మనిషినే అడగాలి అంటున్నారు. వాళ్లు కనీసం అది స్వభావమేనని ఒప్పుకుంటారు, తెలివితేటలతో కలపరు, ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

లక్ష్మి గారూ, మీకు జవాబు బాకీ ఉన్నాను. ఆ కాగితం బాబు చేత రాయించకండి, ర్యాంకు కాగితానికి ఇంకో ర్యాంకు కాగితం తోడవుతుంది. క్యారొలిన్ మక్కాన్ బృందం 2020లో 42 వేల మందికి పైగా విద్యార్థుల లెక్కలు కలిపి చూసింది. సామర్థ్య పరీక్ష స్కోరుకీ మార్కులకీ 0.24 సంబంధం వచ్చింది, తమకి తాము వేసుకున్న స్కోరుకి 0.12. అంటే ఉంది, చిన్నది. ఎక్కువ కలిసింది ఏవంటే, భావాన్ని అర్థం చేసుకోవడం, సర్దుబాటు చేయడం. కానీ రెండు రోజులు అన్నం తినకపోవడం స్కోర్ల విషయం కాదమ్మా. ఈ ఆదివారం హాస్టల్‌కి వెళ్లినప్పుడు ర్యాంకు ఊసెత్తకుండా కూర్చోండి, అన్నం, నిద్ర ఎలా ఉన్నాయో చూడండి. ఇలాగే సాగుతుంటే కోచింగ్ కాదు, డాక్టరుకి చూపించాలి.

లక్ష్మి_అరండల్‌పేట

ఆదివారం దాకా ఆగను, రేపే వెళ్తాను. థాంక్స్ అమ్మా.

కిరణ్_హెచ్‌ఆర్

నాకు ఇంకా ఒకటి మింగుడు పడట్లేదు. మేము ట్రైనింగ్‌కి ముందు, తర్వాత ఇదే ప్రశ్నావళి పెడతాం, స్కోరు పెరుగుతుంది. మరి అది పెరగడం కాదా?

శారద_కొలతలు

శిక్షణతో పెరుగుతుందని కలిపి చూసిన విశ్లేషణలు కూడా చెబుతున్నాయి, మోస్తరుగా. మీరు అన్నది పూర్తిగా తప్పు కాదు. కానీ ఉదయం నుంచి సాయంత్రం దాకా "వినడం ముఖ్యం" అని చెప్పి, సాయంత్రం "నేను బాగా వింటాను" అన్న వాక్యం ఇస్తే మార్కు పెరగక ఏమవుతుంది? శిక్షణ తీసుకోని ఇంకో గుంపుని పక్కన పెట్టి, మూడు నెలల తర్వాత, కాగితం కాకుండా పనిలో ఏం మారిందో చూశారా? అలా చూస్తే నాకూ చెప్పండి, నేర్చుకుంటాను.

కిరణ్_హెచ్‌ఆర్

చూడలేదు. వచ్చే బ్యాచ్‌కి రెండో గుంపు పెట్టే ప్రయత్నం చేస్తాను, మేనేజ్‌మెంట్ ఒప్పుకుంటుందో లేదో.

రవి_బెంజ్‌సర్కిల్

మేడమ్, మరి మా టీమ్ లాంటి పనిలో ఇది అసలు అక్కర్లేదంటారా? రోజంతా జనంతోనే కదా.

శారద_కొలతలు

మీ పనిలోనే ఎక్కువ కావాలి. జోసెఫ్, న్యూమన్ 2010లో చూపించింది అదే: లోపల ఒకటి ఉన్నా బయటికి ఇంకోటి చూపిస్తూ రోజంతా మనుషులతో మెలగాల్సిన ఉద్యోగాల్లో ఈ సామర్థ్యం పనితీరుతో కలుస్తుంది, ఆ అవసరం లేని ఉద్యోగాల్లో ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి మీ అకౌంట్స్ సెక్షన్‌కీ మీకూ ఒకే స్కోరు పెట్టడం ఇంకో తప్పు.

మీ దగ్గర కాల్ రికార్డింగులు ఉంటాయి. ప్రతి మనిషివీ పది కాల్స్, లాటరీ తీసినట్టు తీయండి. ఇద్దరు సూపర్‌వైజర్లు విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వినాలి. చూడాల్సినవి రెండే: అవతలి మనిషి స్థితిని ఎక్కడ గుర్తించాడు, గుర్తించాక మాట మార్చాడా లేదా. ఇద్దరి మార్కులూ కలవకపోతే ఆ మార్కు వాడకండి, ముందు ఎందుకు కలవలేదో చూడండి.

రవి_బెంజ్‌సర్కిల్

వారం తర్వాత రాస్తున్నాను. మా మేనేజర్‌ని మూడు అడిగాను: ఈ కాగితం ఎవరు తయారుచేశారు, ఇందులో సరైన జవాబులు ఉన్నాయా, మన వసూళ్లతో గానీ ఫిర్యాదులతో గానీ ఎప్పుడైనా పోల్చారా. ట్రైనర్ దగ్గర నుంచి రెండోదానికి మాత్రం జవాబు వచ్చింది, సరైన జవాబులు అంటూ ఉండవట. స్కోరు లిస్టులోంచి తీయలేదు, చూద్దాం అన్నారు.

కాల్స్ పద్ధతి మాత్రం మా టీమ్ వరకు మొదలుపెట్టనిచ్చారు. మొదట నావే పది ఇచ్చాను. ఇద్దరి మార్కులు ఆరింటిలో కలిశాయి. కలవని నాలుగింట్లో ఒకటి ఆ తండ్రి చనిపోయిన అబ్బాయి కాల్. నేను బాగా సర్దానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఒకాయన 5 వేశారు, రెండో ఆవిడ 2 వేశారు. కారణం అడిగితే, ఆ అబ్బాయి "దినం ఎల్లుండి సార్" అన్న తర్వాత నేను వెంటనే కొత్త వాయిదా తేదీ అడిగానట. మళ్లీ విన్నాను. అడిగాను, నిజమే. ఆ నాలుగూ శనివారం ముగ్గురం కలిసి వింటున్నాం.